పీటీ సెకండరీని ఎందుకు షార్ట్ చేయకూడదు, బర్డెన్‌తో రేషియో, ఫేజ్ యాంగిల్ ఎలా మారతాయి: 11 కేవీ పీటీతో లెక్కకట్టి చూద్దాం

విశాఖపట్నంలో ఆటోనగర్, గాజువాక వైపు 11 కేవీ సరఫరా తీసుకునే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. యార్డులో లైను కరెంటును తగ్గించి ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు, అంటే సీటీలు, లైను వోల్టేజీని తగ్గించి ఇచ్చే పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్లు, అంటే పీటీలు ఉంటాయి, మీటరు ప్యానెల్ రూములో ఉంటుంది. ఇలాంటి చోట పనిచేసే కుర్రాళ్లకు మొదటి రోజే ఒక మాట చెబుతారు: సీటీని ఓపెన్ చేయకు, పీటీని షార్ట్ చేయకు. మాట అందరికీ గుర్తుంటుంది. కారణం అడిగితే మాత్రం చాలామంది "కరెంటు ఎక్కువ వస్తుంది" అని ఊరుకుంటారు. ఎంత ఎక్కువ? ప్రైమరీ ఫ్యూజు కాపాడదా? అదే పీటీకి రెండు మీటర్లు అదనంగా తగిలిస్తే రీడింగ్ ఎందుకు కాస్త తగ్గుతుంది? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఒక్క చోటే ఉంది. అది పీటీ లోపలి ఇంపెడెన్స్. ఒక పీటీని తీసుకుని, ఆ ఒక్క అంకెతోనే మొదటి నుంచి చివరి దాకా వెళ్దాం.

ముందు నేమ్ ప్లేట్ చదవండి

మన ఉదాహరణలో పీటీ నేమ్ ప్లేట్ మీద 11000/√3 : 110/√3 వోల్టులు, 100 వీఏ, క్లాస్ 0.2 అని ఉంది. అంటే ఫేజుకు ప్రైమరీలో 6351 వోల్టులు, సెకండరీలో 63.5 వోల్టులు, రేషియో 100. సెకండరీకి తగిలించిన మీటర్లు, రిలేల భారాన్నే బర్డెన్ అంటారు. పూర్తి బర్డెన్ దగ్గర సెకండరీ కరెంటు 100 ÷ 63.5, అంటే 1.575 ఆంపియర్లు. ప్రైమరీలో అది 16 మిల్లీ ఆంపియర్లకు మించదు. ఇంత చిన్న కరెంటు కోసమే ప్రైమరీని వెంట్రుకలాంటి సన్నటి తీగతో వేల చుట్లు చుడతారు.

నేమ్ ప్లేట్ మీద ఉండని అంకె ఒకటుంది. ప్రైమరీ, సెకండరీ వైండింగుల రెసిస్టెన్స్‌ను, లీకేజ్ రియాక్టెన్స్‌ను కలిపి సెకండరీ వైపు నుంచి చూస్తే వచ్చే ఇంపెడెన్స్ అది. మన పీటీకి రెసిస్టెన్స్ R = 0.12 ఓమ్, రియాక్టెన్స్ X = 0.08 ఓమ్ అనుకుందాం. రెండూ కలిస్తే ఇంపెడెన్స్ 0.144 ఓమ్. అసలు పీటీకి ఈ అంకెలు కావాలంటే తయారీదారు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్‌తో పాటు అడిగి తీసుకోవాలి.

లేదా ల్యాబులో కొలవాలి. సెకండరీని షార్ట్ చేయడం తప్పు కాని సందర్భం ఇది. పీటీని లైను నుంచి పూర్తిగా విడదీసి, సెకండరీని షార్ట్ చేసి, ప్రైమరీకి వేరియాక్ నుంచి సున్నా దగ్గర మొదలుపెట్టి వోల్టేజీ నెమ్మదిగా పెంచుతారు. మన పీటీలో సెకండరీ కరెంటు 1.575 ఆంపియర్లకు చేరడానికి ప్రైమరీకి దాదాపు 23 వోల్టులు చాలు. సెకండరీ షార్టులో ఉంటే 23 వోల్టులకే పూర్తి కరెంటు పారుతుంది. సర్వీసులో దాని మీద ఉండేది 6351 వోల్టులు.

షార్ట్ అయితే ఎంత కరెంటు

ఆ రెండు అంకెల నిష్పత్తి దాదాపు 280. సెకండరీ టెర్మినళ్ల దగ్గరే షార్ట్ అయితే పారే కరెంటు కూడా పూర్తి బర్డెన్ కరెంటుకు అన్ని రెట్లే ఉంటుంది:

```
I = 63.5 / 0.144 = 440 A
వేడి = 440 × 440 × 0.12 = 23,000 W (సుమారు)
```

మామూలుగా పూర్తి బర్డెన్‌లో ఆ వైండింగులలో పుట్టే వేడి 0.3 వాట్లు. ఇప్పుడు 23 కిలోవాట్లు. ఇంట్లో వాడే 2000 వాట్ల కరెంటు స్టవ్‌లు పదకొండు ఒకేసారి వైండింగు లోపల వెలిగించినట్టు. లోపల మొత్తం రాగి నాలుగు కిలోలు ఉందనుకుంటే, వేడి బయటికి పోయే వ్యవధి లేదు కాబట్టి సెకనుకు 15 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఆ వేడి ప్రైమరీ సన్నటి తీగలో, సెకండరీ మందపాటి తీగలో ఒకేలా పంచబడదు. సాధారణంగా ముందు దెబ్బతినేది ప్రైమరీ చుట్ల మధ్య ఇన్సులేషన్.

ఐఈసీ 61869-3 ప్రకారం రేటెడ్ వోల్టేజీ మీద ఉన్న పీటీ సెకండరీ షార్టును ఒక సెకను పాటు తట్టుకోవాలి. మన లెక్క చూస్తే ఆ ఒక్క సెకను ఎంత తక్కువ ఊరటో తెలుస్తుంది. ఆ సెకను ఇచ్చింది ఫ్యూజు తెగడానికి. మనిషి చేయి చాపి లింకు తీయడానికి అది సరిపోదు.

సీటీ సంగతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది, అక్కడే గందరగోళం పుడుతుంది. సీటీలో కరెంటు ఎంతో ప్రైమరీ లైను నిర్ణయిస్తుంది, సెకండరీని షార్ట్ చేస్తే దానికి హాయి. పీటీలో వోల్టేజీని లైను నిర్ణయిస్తుంది, కరెంటు ఎంతన్నది మనం తగిలించిన దాన్ని బట్టి ఉంటుంది. ఏమీ అడ్డు లేకపోతే మిగిలేది ఆ 0.144 ఓమ్ ఒక్కటే.

ప్రైమరీ ఫ్యూజు ఎందుకు కాపాడదు

ఈ భాగం మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే ఎక్కువ పీటీలు టెర్మినల్ దగ్గర షార్టుతో కాకుండా దూరంగా జరిగిన షార్టుతో పోతాయి. మన ఫ్యాక్టరీలో పీటీ నుంచి ప్యానెల్‌కు 80 మీటర్ల దూరం, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు. ఆ సైజు కేబులు రెసిస్టెన్స్ కిలోమీటరుకు 7.41 ఓమ్. ఒక వైపు 80 మీటర్లకు 0.593 ఓమ్, పోను రాను 1.186 ఓమ్.

ప్యానెల్ వెనకాల ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య తీగ పోగు ఒకటి తగిలి షార్ట్ అయిందనుకోండి. మొత్తం అడ్డు దాదాపు 1.31 ఓమ్. కరెంటు 48.5 ఆంపియర్లు. ప్రైమరీ వైపు దీన్ని 100తో భాగిస్తే 0.485 ఆంపియర్. అక్కడున్న ఫ్యూజు 2 లేదా 3 ఆంపియర్లది. తన రేటింగులో నాలుగో వంతు కరెంటు పారుతుంటే ఏ ఫ్యూజూ తెగదు. పీటీ లోపల మాత్రం 48.5 × 48.5 × 0.12, అంటే 282 వాట్లు పుడుతున్నాయి. 0.3 వాట్లకు అలవాటుపడ్డ వైండింగులో ఇది తొమ్మిది వందల రెట్లకు పైమాటే. ఇందులో పేలుడేమీ ఉండదు. నిమిషాలు గడిచేకొద్దీ వైండింగుల చుట్టూ పోసిన రెసిన్ లోపల ఉడికి, చీలి, చివరికి ప్రైమరీ చుట్లు షార్ట్ అయినప్పుడు మాత్రమే ప్రైమరీ ఫ్యూజు తెగుతుంది. అప్పటికే పీటీ పోయింది. ప్రైమరీ ఫ్యూజు పని పాడైన పీటీని 11 కేవీ బస్‌బార్ నుంచి విడదీయడం. పీటీని కాపాడే పని సెకండరీ ఫ్యూజుదే.

అందుకే సెకండరీ ఫ్యూజు లేదా ఎంసీబీ యార్డులో పీటీ తీగలు వచ్చి చేరే మార్షలింగ్ బాక్సులోనే, టెర్మినళ్లకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా ఉండాలి. పీటీ నుంచి ఆ ఫ్యూజు దాకా ఉన్న తీగకు రక్షణ ఏదీ లేదు. ఆ ముక్కను పొట్టిగా, స్లీవు వేసి, పదునైన అంచులకు తగలకుండా తీసుకెళ్లాలి.

రేటింగు విషయంలో ఒక పొరపాటు తరచుగా కనిపిస్తుంది. స్టోరులో ఉన్నది కదా అని 6 ఆంపియర్ల సీ-కర్వ్ ఎంసీబీ పెడతారు. సీ-కర్వ్ వెంటనే ట్రిప్ కావాలంటే రేటింగుకు 5 నుంచి 10 రెట్లు, అంటే 30 నుంచి 60 ఆంపియర్లు రావాలి. మన దూరపు షార్టు 48.5 ఆంపియర్లు. ఒక ఎంసీబీ వెంటనే పడవచ్చు, పక్కనున్నది వేడెక్కి కొన్ని సెకన్ల తర్వాత పడవచ్చు. 2 లేదా 3 ఆంపియర్ల బీ-కర్వ్ పెడితే ఈ సందేహమే ఉండదు. పూర్తి బర్డెన్ కరెంటే 1.575 అయినప్పుడు 6 ఆంపియర్లు ఎందుకు?

న్యూట్రల్‌లో ఫ్యూజు పెట్టకూడదు. ఎర్తింగ్ కూడా ఒక్క చోటే ఉండాలి. యార్డులో ఒకసారి, ప్యానెల్‌లో ఒకసారి న్యూట్రల్‌ను ఎర్త్ చేస్తే, యార్డులో ఫాల్టు వచ్చినప్పుడు రెండు ఎర్తుల మధ్య తేడా నేరుగా మీటరు వోల్టేజీలో కలుస్తుంది.

చార్జ్ చేయడానికి ముందు షార్టు లేదని తేల్చుకోవడం

మల్టీమీటరును ఫేజుకు, న్యూట్రల్‌కు పెట్టి "సున్నా ఓమ్ వస్తోంది, షార్ట్ ఉంది" అని కంగారు పడేవాళ్లను చూస్తుంటాం. డీసీకి పీటీ సెకండరీ వైండింగే దాదాపు షార్టు లాంటిది, ఓమ్‌లో చిన్న భాగం. కాబట్టి ముందు సెకండరీ ఫ్యూజులు తీసేయండి. ఆ తర్వాత ఫ్యూజుకు ప్యానెల్ వైపున్న తీగలను కొలవండి. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య మీటరు తాలూకు రెసిస్టెన్స్ కనబడాలి. మూడు ఫేజుల్లో ఇంచుమించు ఒకే విలువ రావాలి. మీటరు, రిలేలు విప్పి, న్యూట్రల్ ఎర్తు లింకు తీసి, ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో తీగలను ఒకదానికొకటి, ఎర్తుకు చూడండి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో మార్షలింగ్ బాక్సు టెర్మినళ్ల మీద ఉప్పు, తేమ కలిసి ఒక పొర కడతాయి. విలువ తక్కువ వస్తే ముందు దాన్నే అనుమానించి, తుడిచి, ఆరబెట్టి మళ్లీ చూడాలి.

మీటరు మార్చేటప్పుడు టెస్ట్ టెర్మినల్ బ్లాక్, అంటే టీటీబీ దగ్గర జరిగే పొరపాటు గురించి వేరుగా చెప్పాలి. వరుసగా ఒకేలా కనిపించే స్టడ్లు. సీటీ స్టడ్ల మధ్య షార్టింగ్ లింకు వేయాలి, పీటీ లింకులను తెరవాలి. అదే చేతి వాటంతో పీటీ స్టడ్ల మధ్య కూడా లింకు వేస్తే పైన లెక్కించిందంతా కళ్ల ముందు జరుగుతుంది. లింకు వేసే ముందు ఆ రెండు స్టడ్ల మధ్య వోల్టేజీ కొలవండి. 63.5 లేదా 110 కనిపిస్తే అది పీటీ, లింకు వేయకండి. సీటీ స్టడ్ల మధ్య దాదాపు సున్నా ఉంటుంది. సీటీలను షార్ట్ చేశాకే పీటీ లింకులు తెరవండి.

ఇంకొక ప్రమాదం వెనక్కి వెళ్లే వోల్టేజీ. ప్యానెల్‌ను పరీక్షించడానికి 63.5 వోల్టులు ఇంజెక్ట్ చేసేటప్పుడు పీటీ లింకు తెరవడం మరిచిపోతే, అదే పీటీ తిరగబడి పనిచేసి యార్డులో ప్రైమరీ మీద 6351 వోల్టులు నిలబెడుతుంది. లైను ఆపేసి ఉందన్న నమ్మకంతో అక్కడ మనిషి పనిచేస్తూ ఉండవచ్చు. ఫ్యూజులు తీసి జేబులో పెట్టుకున్నాకే ఇంజెక్షన్ మొదలుపెట్టాలి.

బర్డెన్ పెరిగితే ఏమవుతుంది

ఇప్పటిదాకా 0.144 ఓమ్ మీద 63.5 వోల్టులూ పడితే ఏమవుతుందో చూశాం. మామూలు బర్డెన్‌లో దాని మీద పడేది వోల్టులో నాలుగో వంతు కూడా ఉండదు. కానీ ఆ కాస్తే రేషియో ఎర్రర్, ఫేజ్ ఎర్రర్‌గా మీటరులో కనిపిస్తుంది. ఎర్రర్ తక్కువ కావాలంటే లోపలి ఇంపెడెన్స్ తక్కువ ఉండాలి. ఇంపెడెన్స్ తగ్గేకొద్దీ షార్టు కరెంటు పెరుగుతుంది. మంచి క్లాస్ పీటీ షార్టులో అంత భయంకరంగా ఉండటానికి కారణం అదే.

బర్డెన్ కరెంటు I, దాని పవర్ ఫ్యాక్టర్ కోణం φ అయితే సెకండరీ వోల్టేజీలో జరిగే మార్పు రెండు ముక్కలుగా వస్తుంది:

```
వోల్టేజీ తగ్గుదల = I × (R cosφ + X sinφ)
పక్కకు జరుగుదల  = I × (X cosφ − R sinφ)
```

మొదటిది రేషియో ఎర్రర్‌ను మైనస్ వైపు లాగుతుంది. రెండోది కోణాన్ని మారుస్తుంది. అది ప్లస్ అయితే సెకండరీ వోల్టేజీ ప్రైమరీ కంటే వెనకబడుతుంది. దాన్ని 63.5తో భాగించి 3438తో హెచ్చిస్తే కోణం నిమిషాల్లో వస్తుంది. అరవై నిమిషాలు ఒక డిగ్రీ.

బర్డెన్ సున్నా ఉన్నా ఎర్రర్ సున్నా కాదు, ఎందుకంటే కోర్‌ను మాగ్నటైజ్ చేసే కరెంటు ప్రైమరీలో ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. పైగా తయారీదారులు బర్డెన్‌తో వచ్చే తగ్గుదలను ముందే ఊహించి ప్రైమరీలో కొన్ని చుట్లు తగ్గిస్తారు. అందుకని మన పీటీ ఖాళీగా ఉన్నప్పుడు రేషియో ఎర్రర్ +0.20 శాతం, కోణం 3 నిమిషాలు ముందుకు ఉందని తీసుకుందాం.

100 వీఏ, 0.8 పవర్ ఫ్యాక్టర్ బర్డెన్ పెడితే తగ్గుదల 1.575 × (0.096 + 0.048) = 0.227 వోల్టు. అంటే 0.36 శాతం. రేషియో ఎర్రర్ +0.20 నుంచి −0.16కి దిగుతుంది. కోణం మాత్రం ఒక నిమిషం కూడా మారదు, ఎందుకంటే రెండో సూత్రంలో 0.064, 0.072 దాదాపు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. అదే 100 వీఏ యూనిటీ పవర్ ఫ్యాక్టర్‌తో ఉంటే రేషియో ఎర్రర్ −0.10 దగ్గరే ఆగుతుంది, కోణం మాత్రం దాదాపు 7 నిమిషాలు వెనక్కి జరిగి 3.8 నిమిషాల వెనకబాటుగా మారుతుంది. వీఏ ఒకటే, తేడా అంతా పవర్ ఫ్యాక్టర్‌ది. బర్డెన్‌ను వీఏతో మాత్రమే రాసుకుంటే సగం సమాచారమే రాసుకున్నట్టు.

200 వీఏ తగిలిస్తే రేషియో ఎర్రర్ −0.51. క్లాస్ 0.2 అనుమతించేది ±0.2 శాతం, ±10 నిమిషాలు. పీటీ చెడిపోలేదు, పొగ రాలేదు, మీటరు తిరుగుతోంది. కానీ అది ఇక క్లాస్ 0.2 పీటీ కాదు.

దీనికి అటు వైపు కూడా ఒక హద్దుంది. ఇలాంటి 100 వీఏ పీటీకి క్లాస్ హామీ రేటెడ్ బర్డెన్‌లో 25 నుంచి 100 శాతం మధ్య, 0.8 పవర్ ఫ్యాక్టర్ దగ్గరే. పాత డిస్క్ మీటర్లు తీసేసి 5 వీఏ కూడా తినని ఎలక్ట్రానిక్ మీటరు పెడితే, మన పీటీ +0.18 దగ్గర కూర్చుంటుంది. హద్దు అంచునే. అందువల్ల కొత్తగా ఆర్డరు పెట్టేటప్పుడు "ఎందుకైనా మంచిది" అని పెద్ద వీఏ రాయడం మంచి అలవాటు కాదని నా అభిప్రాయం. తగిలించే మీటర్లు కలిపి ఎంతో లెక్కవేసి, అది రేటెడ్ బర్డెన్‌లో సగం దగ్గర ఉండేలా ఎంచుకోవాలి.

సైటులో బర్డెన్ కొలిచి, ఎర్రర్ లెక్కకట్టడం

మామూలు టాంగ్ టెస్టర్ ఇంత చిన్న కరెంటును నమ్మకంగా చూపించదు. మిల్లీ ఆంపియర్ల రేంజి ఉన్న క్లాంప్ మీటరు కావాలి. మార్షలింగ్ బాక్సులో ఫేజు తీగ చుట్టూ దాన్ని పెట్టి కరెంటు చూడండి, అక్కడే వోల్టేజీ కొలవండి, రెంటినీ హెచ్చించండి. మన ఫ్యాక్టరీలో మూడు ఫేజుల్లోనూ 0.315 ఆంపియర్లు వచ్చాయనుకుందాం. అంటే ఫేజుకు 20 వీఏ. పవర్ ఫ్యాక్టర్ దాదాపు యూనిటీ. ఈ బర్డెన్‌లో మన పీటీ ఎర్రర్ +0.14 శాతం, కోణం దాదాపు ఒకటిన్నర నిమిషం ముందుకు. చేతిలో R, X లేకపోతే టెస్ట్ సర్టిఫికెట్‌లో 25, 100 శాతం బర్డెన్ల దగ్గర ఇచ్చిన ఎర్రర్లను గీత గీసి కలిపితే మధ్య విలువ ఉజ్జాయింపుగా దొరుకుతుంది. ఆ గీత 0.8 పవర్ ఫ్యాక్టర్‌కు మాత్రమే సరిపోతుందని మరవకండి.

తర్వాత మీటరు టెర్మినళ్ల దగ్గర కొలవండి. మార్షలింగ్ బాక్సులో ఫ్యూజులకు ముందు మూడు ఫేజుల్లోనూ 63.5 ఉంది. మీటరు దగ్గర ఆర్, వై ఫేజుల్లో 63.3, బీ ఫేజులో 63.0. లోడు మూడు ఫేజుల్లో సమానంగా ఉంటే న్యూట్రల్‌లో కరెంటు ఉండదు కాబట్టి ఒక వైపు కేబులే లెక్క: 0.315 × 0.593 = 0.187 వోల్టు, అంటే 0.29 శాతం. పీటీ ఎర్రర్ కంటే కేబులు ఎర్రరే పెద్దది. 4 చదరపు మిల్లీమీటర్ల కేబులు వేస్తే ఇది 0.18కి దిగుతుంది.

మరి బీ ఫేజులో మిగిలిన 0.3 వోల్టు ఎక్కడ పోయింది? మీటరును మిల్లీ వోల్టుల్లో పెట్టి, లైను నడుస్తుండగానే ప్రతి ఫ్యూజు రెండు చివరల మధ్య, ప్రతి టెర్మినల్‌కు రెండు వైపులా చూసుకుంటూ వెళ్లండి. మంచి జాయింటు దగ్గర కొద్ది మిల్లీ వోల్టులే వస్తాయి. బీ ఫేజు ఫ్యూజు దగ్గర 315 మిల్లీ వోల్టులు చూపిస్తే అక్కడ ఒక ఓమ్ రెసిస్టెన్స్ కూర్చుని ఉంది. హోల్డరు తీసి చూస్తే క్లిప్పుల మీద పచ్చటి చిలుము కనబడుతుంది. బోర్డు మీద ఫ్యూజు బాగానే ఉంది, కంటిన్యుటీ కూడా ఉంది, అందుకే ఇది ఎవరి కంటా పడదు.

దీని విలువ లెక్కవేద్దాం. ఆర్, వై ఫేజుల్లో −0.29, బీ ఫేజులో −0.79. సగటు −0.46. పీటీ తన +0.14 కలిపితే −0.32 శాతం. నెలకు 5 లక్షల యూనిట్లు వాడే ఫ్యాక్టరీలో ఇది 1600 యూనిట్లు. చిలుము తుడిచి, క్లిప్పు బిగించాక తేడా −0.15కి వస్తుంది.

కోణం లెక్క ఫ్యాక్టరీ పవర్ ఫ్యాక్టర్‌ను బట్టి ఉంటుంది. ఒక నిమిషం తేడాకు ఎనర్జీలో వచ్చే ఎర్రర్ 0.029 శాతాన్ని tanφతో హెచ్చిస్తే వస్తుంది. ఇక్కడ φ బర్డెన్‌ది కాదు, ఫ్యాక్టరీ లోడుది. లోడు 0.8 లాగింగ్ అయితే మన ఒకటిన్నర నిమిషంతో 0.03 శాతమే పోతుంది. పీటీ వోల్టేజీ ముందుకు జరిగితే మీటరు తక్కువ చూపుతుంది, వెనకబడితే ఎక్కువ చూపుతుంది. క్లాస్ 0.5 పీటీ 20 నిమిషాల హద్దు మీద ఉండి, లోడు పవర్ ఫ్యాక్టర్ 0.5కి పడిపోతే మాత్రం కోణం వల్లే ఒక శాతం తేడా వస్తుంది.

షార్టు తగిలిన పీటీని మళ్లీ వాడవచ్చా

ఫ్యూజు వెంటనే తెగి ఉంటే చాలాసార్లు పీటీ బాగానే ఉంటుంది. కానీ వోల్టేజీ వచ్చింది కదా అని వదిలేయకండి. లైను నుంచి విడదీసి మెగ్గర్ వేయండి, రేషియో టెస్టు చేయండి, వైండింగుల రెసిస్టెన్స్‌ను పాత రికార్డుతో పోల్చండి. తర్వాత సెకండరీకి 63.5 వోల్టులు ఇచ్చి, అది తీసుకునే కరెంటు చూడండి. ఆ సమయంలో ప్రైమరీ బుషింగ్ మీద 6351 వోల్టులు ఉంటాయి కాబట్టి చుట్టూ తాడు కట్టి మనిషిని నిలబెట్టాలి. పక్క రెండు ఫేజుల పీటీల కంటే ఇది కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు తీసుకుంటుంటే లోపల చుట్లు షార్ట్ అయినట్టే, దాన్ని మళ్లీ లైనుకు తగిలించకూడదు. రెసిన్ మీద కొత్త చీలిక, కమురు వాసన ఉన్నా అంతే. టెస్టులన్నీ బాగుంటే, పాత టెస్ట్ సర్టిఫికెట్ ఉన్న బర్డెన్ల దగ్గరే ఎర్రర్లను మళ్లీ కొలిపించి, కొత్త అంకెలతోనే మీటరింగ్ రికార్డు రాయాలి.